ఆడియెన్స్ సర్వేకి శాంపిల్ ఎంచుకోవడం: గూగుల్ ఫారమ్ ఏం చెప్పగలదు, ఓటరు జాబితా ఏం చెప్పగలదు

శ్రీకాకుళంలో జర్నలిజం చదివే విద్యార్థి ప్రాజెక్టుకి ఒక అంశం తీసుకున్నాడనుకుందాం: "నగర ప్రజలు వార్తలు దేని ద్వారా తెలుసుకుంటున్నారు?" మామూలుగా జరిగేది ఇదీ. గూగుల్ ఫారమ్ తయారుచేస్తాడు. కాలేజీ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, పాత స్కూల్ గ్రూపులో లింకు పెడతాడు. "ప్లీజ్ ఫిల్ చేసి ఫార్వర్డ్ చెయ్యండి" అంటాడు. వారం రోజుల్లో 384 జవాబులు వస్తాయి. ఎక్కువమంది వార్తలు ఫోన్లోనే చూస్తున్నారని తేలుతుంది. ప్రాజెక్టు రిపోర్టులో అదే "శ్రీకాకుళం ప్రజల అలవాటు"గా అచ్చవుతుంది.

ఇక్కడ జరిగిందేమిటో చూడండి. ఆ ఫారమ్ నింపాలంటే చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండాలి, అందులో డేటా ఉండాలి, ఏదో ఒక గ్రూపులో సభ్యత్వం ఉండాలి. ఉదయం టీకొట్టు దగ్గర పేపరు చదివి, రాత్రి టీవీ వార్తలు చూసి పడుకునే రిటైర్డ్ గుమాస్తాకి ఆ లింకు చేరనే చేరదు. అంటే జవాబు ఇచ్చినవాళ్ళంతా ముందే ఫోన్ వాడేవాళ్ళు. ఏ అలవాటుని కొలవాలనుకున్నామో, అదే అలవాటు ఉన్నవాళ్ళని మాత్రమే లోపలికి రానిచ్చాం. వేరే విషయాల మీద సర్వేలో ఈ తప్పు కొంచెం నష్టం చేస్తే, ఆడియెన్స్ సర్వేలో ఫలితాన్నే తారుమారు చేస్తుంది. మనిషిని ఏ మాధ్యమం ద్వారా, ఏ చోట పట్టుకున్నామన్నది అతని మీడియా అలవాటుతో నేరుగా ముడిపడి ఉంటుంది.

కాగితం ప్రశ్నావళి పట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళినా ఇదే ఇబ్బంది. అక్కడ ఉదయం దొరికేది రోజూ ప్రయాణం చేసేవాళ్ళు. మధ్యాహ్నం ఇంట్లో టీవీ చూసే గృహిణి అక్కడ ఉండదు. సాయంత్రం డే అండ్ నైట్ జంక్షన్లో నిలబడితే కుర్రాళ్ళు ఎక్కువ తగులుతారు, పొద్దున్నే రైతుబజారులో అయితే పెద్దవయసు వాళ్ళు. మూడు చోట్లా తిరిగినంత మాత్రాన ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చదు. ఇంటి నుంచి పెద్దగా బయటికి రానివాళ్ళు మూడింటిలోనూ ఉండరు.

రెండు రకాల శాంపిళ్ళకీ అసలు తేడా

సులువుగా దొరికినవాళ్ళని అడిగితే అది కన్వీనియెన్స్ శాంపిల్. ప్రాబబిలిటీ శాంపిల్ అవ్వాలంటే రెండు షరతులున్నాయి. మనం ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం ఉండాలి. ఆ అవకాశం ఎంతో మనకి లెక్క తెలియాలి. అవకాశం అందరికీ సమానంగా ఉండాలని నియమం లేదు, తెలిసి ఉంటే చాలు. కాంప్లెక్స్ దగ్గర కళ్ళు మూసుకుని ఎవరినో ఒకరిని ఆపినా ఇది ప్రాబబిలిటీ శాంపిల్ కాదు. ఇంట్లో ఉన్నవాళ్ళకి అక్కడ అవకాశం సున్నా. నిలబడ్డవాళ్ళకి ఎంతో మనకే తెలియదు.

384 అన్న సంఖ్య ఎక్కడిదో కూడా చూద్దాం. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో అది మంత్రంలా కనిపిస్తుంది.

```
n = z² × p × (1 − p) / e²
  = 1.96² × 0.5 × 0.5 / 0.05²
  = 384.16
```

95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాలోపు అంచనా కావాలంటే ఎంతమంది కావాలో ఈ సూత్రం చెబుతుంది. ఆ నమ్మకానికి z 1.96, ఆ తేడా e, మనం కొలిచే అలవాటు ఉన్నవారి వాటా p. అది ముందే తెలియదు కాబట్టి సగం అనుకుంటాం. అయితే అది ఒక విషయం ముందే ఒప్పేసుకుని మొదలవుతుంది: ఆ 384 మందినీ యాదృచ్ఛికంగా తీశారని. ఫార్వర్డ్ అయిన లింకు ద్వారా వచ్చిన 384కి ఈ సూత్రం వర్తించదు. 3,840 మంది వచ్చినా వర్తించదు. సంఖ్య పెరిగితే యాదృచ్ఛిక తేడా తగ్గుతుంది కానీ, ఒకవైపు మొగ్గిన ఎంపిక మొగ్గినట్టే ఉంటుంది. పైగా పెద్ద అంకె చూసి మనకి లేనిపోని ధీమా వస్తుంది.

మొదటి మెట్టు: ఎవరి గురించి చెప్పాలో తేల్చుకోవడం

ప్రశ్నావళి రాయకముందే ఈ వాక్యం రాయాలి. "శ్రీకాకుళం ప్రజలు" అంటే సరిపోదు. జిల్లానా, నగరమా? పిల్లలు లెక్కలోకి వస్తారా? ఇల్లు ఇక్కడ ఉండి, పని కోసం హైదరాబాద్, చెన్నై వెళ్ళినవాళ్ళు వస్తారా? మన ప్రాంతంలో ఆఖరి ప్రశ్నని దాటవెయ్యడం కుదరదు. వలస వెళ్ళినవారి పేర్లు ఇక్కడి జాబితాల్లో ఉంటాయి, మనుషులు ఉండరు.

మన ఉదాహరణకి ఇలా రాసుకుందాం: "శ్రీకాకుళం నగరపాలక సంస్థ పరిధిలో ప్రస్తుతం నివసిస్తూ, ఇక్కడి ఓటరు జాబితాలో పేరున్న 18 ఏళ్ళు నిండినవారు." చూడటానికి ఇరుకుగా ఉంది. కానీ చివర్లో మనం నిలబెట్టుకోగలిగే వాక్యం ఇదే.

రెండో మెట్టు: జాబితా

ప్రాబబిలిటీ శాంపిల్‌కి ఒక జాబితా కావాలి. దాన్నే శాంప్లింగ్ ఫ్రేమ్ అంటారు. విద్యార్థికి ఖర్చు లేకుండా దొరికే మంచి జాబితా ఓటర్ల జాబితా. ఎన్నికల సంఘం వెబ్‌సైట్ voters.eci.gov.in నుంచి పోలింగ్ కేంద్రాల వారీగా, ఒక్కో కేంద్రానికి ఒక భాగం చొప్పున, పీడీఎఫ్‌లు దించుకోవచ్చు. ఒక్కో భాగంలో వరుస సంఖ్య, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం ఉంటాయి. ఆ చివరి రెండూ తర్వాత ఎంత ఉపయోగపడతాయో చూద్దురు గాని.

ఒక జాగ్రత్త. శ్రీకాకుళం అసెంబ్లీ నియోజకవర్గంలో నగరమే కాదు, శ్రీకాకుళం గ్రామీణ ప్రాంతం, గార మండలం కూడా ఉన్నాయి. జాబితా నియోజకవర్గం పేరుతో వస్తుంది కాబట్టి ప్రతి భాగం మొదటి పేజీలో ఏ వీధులు, ఏ గ్రామం అని చూసి నగరం భాగాలనే వేరు చెయ్యాలి. ఈ పనికి ఒక పూట పడుతుంది. దాన్ని వదిలేస్తే గార రైతు జవాబు నగరవాసి ఖాతాలో పడుతుంది.

ఈ జాబితాలో లేనివాళ్ళెవరో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. హాస్టళ్ళలో ఉంటూ సొంత ఊళ్ళో ఓటున్న విద్యార్థులు, బదిలీ మీద వచ్చి అద్దెకుంటున్న ఉద్యోగులు, పేరు నమోదు చేయించుకోని కొత్త ఓటర్లు. ముగ్గురూ ఫోన్ ఎక్కువ వాడే వర్గాలే. అంటే గూగుల్ ఫారమ్ ఒకవైపు మొగ్గితే, ఓటరు జాబితా కొంచెం రెండోవైపు మొగ్గుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరు తప్పిపోయారో వేలు పెట్టి చూపించగలం.

మూడో మెట్టు: పేర్లు తియ్యడం

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నగరం భాగాలు 100, ఒక్కోదానిలో సగటున 1,000 మంది ఓటర్లు అనుకుందాం. ఇవి ఊహించుకున్న అంకెలు, మీ జాబితాలోవి మీరు వేసుకోండి. లక్షమంది నుంచి నేరుగా 200 పేర్లు తీస్తే నగరమంతా చెల్లాచెదురుగా పడతాయి. ఇద్దరు విద్యార్థులు తిరగలేరు. అందుకని రెండు దశల్లో తీస్తాం.

మొదట భాగాల్ని వాటి నంబర్ల వరుసలోనే ఉంచండి. పక్కపక్క నంబర్లు సాధారణంగా పక్కపక్క వీధులవే కాబట్టి, ప్రతి పదోదాన్ని తీస్తే నగరం నలుమూలలూ వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలో మన ఇష్టం కాదు. ఎక్సెల్‌లో ఇలా అడగండి:

```
=RANDBETWEEN(1,10)
```

4 వచ్చిందనుకుందాం. 4, 14, 24, ఇలా 94 దాకా పది భాగాలు వస్తాయి. ఈ ఫార్ములాతో ఒక చిక్కుంది: షీట్‌లో ఏ గడి మార్చినా కొత్త అంకె వచ్చేస్తుంది. వచ్చిన వెంటనే దాన్ని కాపీ చేసి విలువగా పేస్ట్ చెయ్యండి, తేదీ రాసుకోండి. నచ్చిన వీధి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ నొక్కితే అది మళ్ళీ మన ఎంపికే అవుతుంది.

రెండో దశలో ఒక్కో భాగంలో ప్రతి యాభయ్యో ఓటరుని తియ్యాలి. మొదటి సంఖ్య 1 నుంచి 50 లోపు, ప్రతి భాగానికీ విడిగా యాదృచ్ఛికంగా తియ్యండి. 1,130 మంది ఉన్న భాగంలో 17 వస్తే 17, 67, 117 అంటూ 1,117 దాకా 23 పేర్లు వస్తాయి. ఒక ఇంటివాళ్ళ పేర్లు జాబితాలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, యాభై ఎడం పెడితే ఒకే ఇంట్లో ఇద్దరు రావడం అరుదు.

ఇప్పుడు అవకాశం లెక్కెయ్యండి. భాగం రావడానికి పదింట ఒకటి, అందులో మనిషి రావడానికి యాభైలో ఒకటి. రెండిటినీ గుణిస్తే 500లో ఒకటి. పెద్ద భాగమైనా చిన్న భాగమైనా ప్రతి ఓటరుకీ ఇదే. అందుకే "ప్రతి భాగంలో సరిగ్గా 20 మంది" అని కాకుండా "ప్రతి యాభయ్యో పేరు" అన్నాం. అందరికీ 20 అంటే 1,500 మంది ఉన్న భాగంలో మనిషికి అవకాశం తగ్గిపోతుంది, తర్వాత ఆ తేడాని లెక్కలో సరిచేసే వెయిట్లు వేసుకోవాల్సి వస్తుంది. మొత్తం మీద మనకి దాదాపు 200 పేర్లు చేతికొస్తాయి.

నాలుగో మెట్టు: గుమ్మం దగ్గర

సర్వే నిలబడేదీ చెడిపోయేదీ ఇక్కడే. కాగితం మీద ఎంత చక్కగా తీసినా, "ఆ ఇంట్లో ఆయన లేరు, పక్కింటాయన్ని అడిగేశాం" అన్న ఒక్కమాటతో అది మళ్ళీ కన్వీనియెన్స్ శాంపిల్ అయిపోతుంది. పగలు ఇంట్లో దొరికే పక్కింటాయనకీ, పైడిభీమవరం ఫార్మా కంపెనీలో షిఫ్టుకి వెళ్ళిన కుర్రాడికీ వార్తల అలవాట్లు ఒకలా ఉండవు. కాబట్టి బదులు మనిషి వద్దు. ఒక్కో పేరుకి కనీసం మూడుసార్లు వెళ్ళండి, వేర్వేరు వేళల్లో. ఒకటి పనిదినం పగలు, ఒకటి సాయంత్రం ఏడు తర్వాత, ఒకటి ఆదివారం.

ఇంట్లోనే బదులు మనిషి తయారయ్యే సందర్భం ఇంకొకటుంది. మీ జాబితాలో కోడలి పేరుంటుంది. తలుపు తీసిన అత్తగారు, "దానికేటి తెలుసు బాబూ, నన్నడుగు" అంటుంది. లేకపోతే "మా ఆయన్ని అడగండి" అని కోడలే లోపలికి వెళ్ళిపోతుంది. అత్తగారి మాట పూర్తిగా విని, రెండు మంచి మాటలు మాట్లాడి, "మీ మాట కూడా వింటాం అమ్మా, కానీ చీటీలో ఆమె పేరు వచ్చింది" అని చెప్పి కోడలి జవాబే రాసుకోండి. సర్వేకి వెళ్ళే ఇద్దరిలో ఒక అమ్మాయి ఉంటే ఈ పని చాలా సులువవుతుంది.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఏటి బాబూ, ఇది ఏ పథకం కోసం?" సచివాలయం నుంచి సర్వేలకి వచ్చేవాళ్ళు జనానికి అలవాటే. ప్రభుత్వం మనుషులనుకుంటే కొందరు ఇంట్లో టీవీ, ఫోన్లు తక్కువ చెబుతారు. పింఛనుకి అడ్డం వస్తుందేమోనని భయం. కాలేజీ లెటర్, ఐడీ కార్డు ముందే చూపించి, ఇది చదువు కోసమని, దేనికీ సంబంధం లేదని చెప్పాలి. చిరునామా దొరక్కపోతే ఆ బూత్ ఓటరు జాబితా చూసే అధికారి బీఎల్వోని అడగొచ్చు, కానీ ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్ళొద్దు. పేర్లున్న కాగితం, జవాబులున్న కాగితం వేరువేరుగా ఉంచి మధ్యలో కోడ్ నంబరు మాత్రమే పెట్టండి. ఆ జాబితా ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం అస్సలు చెయ్యకూడదు.

ప్రతి పేరు ఎదురుగా ఏం జరిగిందో రాయండి: దొరికారు, నిరాకరించారు, మూడుసార్లూ దొరకలేదు, చనిపోయారు, ఇల్లు మారిపోయారు, పని కోసం వేరే ఊళ్ళో ఉన్నారు. "మావోడు చెన్నై ఎలిపోనాడు" అన్న జవాబు ఎన్నిసార్లు వస్తుందో మీరే చూస్తారు.

అయిదో మెట్టు: వచ్చినదాన్ని పరీక్షించడం

మన ఊహ ఉదాహరణలో 200 పేర్లకి ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. చనిపోయినవారు, శాశ్వతంగా ఇల్లు మారినవారు 14. వలసలో ఉన్నవారు 30. ఈ 44 మందీ మనం మొదట రాసుకున్న వాక్యం ప్రకారం లెక్కలోకి రారు. మిగిలింది 156. వారిలో 112 మంది జవాబిచ్చారు, 19 మంది వద్దన్నారు, 25 మంది దొరకలేదు. అంటే స్పందన రేటు 156కి 112, దాదాపు 72 శాతం.

జవాబిచ్చిన 112 మందిలో 50 మంది రోజూ పేపరు చదువుతామన్నారు. 45 శాతానికి కాస్త తక్కువ. ఇప్పుడు వద్దన్న 19, దొరకని 25 కలిపి 44 మంది మాటేమిటి? వాళ్ళెవరూ చదవరనుకుంటే 156కి 50, అంటే 32 శాతం. అందరూ చదువుతారనుకుంటే 156కి 94, అంటే 60 శాతం. నిజం అంత దూరం వెళ్ళకపోవచ్చు. కానీ జవాబు రాని ఆ 44 మంది ఫలితాన్ని ఎంత వరకు కదిలించగలరో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఓటరు జాబితాలో వయసు, లింగం ఉండటం ఇక్కడే పనికొస్తుంది. జవాబివ్వనివారి వయసు కూడా మన దగ్గరుంది! 156 మందిలో 30 ఏళ్ళలోపు వాళ్ళు 40 మంది, అంటే నాలుగోవంతు కాస్త పైన. జవాబిచ్చిన 112లో వాళ్ళు 20 మందే, 18 శాతం. అంటే కుర్రకారు తక్కువ దొరికారు. వాళ్ళలో పేపరు చదివేవారు 20కి 4, పెద్దవాళ్ళలో 92కి 46 అనుకుంటే, రెండు వర్గాల్నీ అసలు నిష్పత్తిలో కలిపి లెక్క మార్చుకోవచ్చు:

```
(40/156 × 20%) + (116/156 × 50%) = 42.3%
```

45 కాస్తా 42 అయింది. దీన్నే వెయిటింగ్ అంటారు. ఇది వయసు లోటుని సరిచేస్తుంది, అంతకు మించి చెయ్యదు. దొరికిన 20 మంది కుర్రాళ్ళూ దొరకనివాళ్ళలాంటివారే అనుకుంటేనే ఈ లెక్క చెల్లుతుంది. గూగుల్ ఫారమ్ జవాబులకి జనగణన వయసులతో వెయిట్లు వేసి "సరిచేశాం" అని రాసేవాళ్ళుంటారు. ఫారమ్ నింపిన 60 ఏళ్ళ వ్యక్తి స్మార్ట్‌ఫోన్ వాడే 60 ఏళ్ళ వ్యక్తి. అతన్ని మూడింతలు చేస్తే ఫోన్ లేని పెద్దవాళ్ళు పుట్టుకురారు.

తేడా ఎంత చెప్పాలి? 112 మందికి మోటు లెక్కలో ఒకటిని 112 వర్గమూలంతో భాగిస్తే అటూ ఇటూ 9 శాతం దాటుతుంది. కానీ మనవాళ్ళు పది భాగాల నుంచే వచ్చారు. ఒకే వీధివాళ్ళు చదువులో, సంపాదనలో, కేబుల్ కనెక్షన్లో కొంత ఒకేలా ఉంటారు. అందువల్ల ఒక్కో భాగం నుంచి వచ్చిన పదకొండుమంది అంత కొత్త సమాచారం ఇవ్వరు. ఆ పోలికని కొలిచే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ 0.05 అనుకుంటే తేడా దాదాపు 12 శాతానికి పెరుగుతుంది. కాబట్టి "30 శాతానికీ సగానికి కాస్త పైనకీ మధ్య" అనడమే న్యాయం. "42.3 శాతం" అని దశాంశంతో ముఖ్యాంశాల్లో పెట్టకండి. ఇక 30 ఏళ్ళలోపు 20 మందిని మళ్ళీ ఆడ, మగగా విడగొట్టి శాతాలు వెయ్యొద్దు. పదిమందిలో ఒక్కరు అటు మారితే పది శాతం మారిపోతుంది.

ఇంత తిరగడానికి టైం లేకపోతే

ఒక నెలలో ప్రాజెక్టు ఇచ్చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది, ఒక్కరే ఉన్నారు. అప్పుడు ఎంపిక పద్ధతిని వదిలేసేకన్నా ఎవరి గురించి చెప్పాలో ఆ గుంపుని చిన్నది చేసుకోవడం మేలు. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీలో చదువుతున్నారా? అనుమతి తీసుకుని, మీ విభాగం హాజరు పట్టికల్లో ఉన్న విద్యార్థుల్ని ఫ్రేమ్‌గా పెట్టుకోండి. ప్రతి మూడో పేరు తీసి, క్లాసుకి రానివాళ్ళని కూడా వెతికి పట్టుకుని అడగండి. 60 మందే అయినా, ఆ విభాగం గురించి మీరు చెప్పే మాటకి ఆధారం ఉంటుంది. నగరంలో లింకు ద్వారా వచ్చిన 400 మందికి అది ఉండదు.

కన్వీనియెన్స్ శాంపిల్‌కి కూడా నిజమైన పనులున్నాయి. ప్రశ్నావళి ముసాయిదాని 15 మంది మీద పరీక్షించి, ఏ ప్రశ్న అర్థం కావడం లేదో చూడటానికి అది చాలు. "యూట్యూబ్‌లో చూసే వార్తలు టీవీ కిందకి వస్తాయా, ఫోన్ కిందకి వస్తాయా?" అన్న గందరగోళం అక్కడే బయటపడుతుంది. జనం వార్తల గురించి ఎలా మాట్లాడుకుంటారో తెలుసుకునే లోతైన ఇంటర్వ్యూలకీ అది పనికొస్తుంది. ఒకే వార్తని రెండు రకాల శీర్షికలతో, ఎవరికేది అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించి చూపిస్తే, ఆ గుంపులో శీర్షిక ప్రభావం ఎంతో పోల్చవచ్చు. అది చెప్పలేనిది ఒకటే: నగరంలో ఎంత శాతం మంది ఏం చేస్తున్నారన్నది.

మధ్యలో కోటా శాంపిల్ ఉంది. ఇంతమంది ఆడవాళ్ళు, ఇంతమంది అరవై దాటినవాళ్ళు అని సంఖ్యలు పెట్టుకుని, ఎవరు దొరికితే వారితో నింపడం. ఫారమ్ కన్నా నయమే. కానీ దాన్ని రిపోర్టులో "స్ట్రాటిఫైడ్ ర్యాండమ్" అని రాయకూడదు. అలా అనాలంటే జాబితాని వర్గాలుగా విడగొట్టి, ప్రతి వర్గం నుంచీ యాదృచ్ఛికంగా తీసి ఉండాలి. అరవై దాటినవారిలో కూడా గుమ్మంలో కూర్చుని పలకరించేవారే ఆ కోటాలో పడతారు, మంచం మీద ఉన్నవారు పడరు.

రిపోర్టులో ఎలా రాయాలి

ఓటరు జాబితా దారిలో వెళ్ళినవారు ఇలా రాయొచ్చు: "నగరం భాగాల్లో ప్రతి పదోది, అందులో ప్రతి యాభయ్యో ఓటరు చొప్పున 200 మందిని ఎంచుకున్నాం. అర్హులు 156, జవాబిచ్చినవారు 112. జాబితాలో లేని హాస్టల్ విద్యార్థులకీ, బదిలీ ఉద్యోగులకీ ఈ ఫలితాలు వర్తించవు. 30 ఏళ్ళలోపు వారు తక్కువగా దొరికారు." ఫారమ్ దారిలో వెళ్ళినవారు: "వాట్సాప్ గ్రూపుల ద్వారా జవాబిచ్చిన 384 మందిలో" అని ప్రతి శాతం ముందూ రాయాలి. అటూ ఇటూ ఇంత శాతం అని చెప్పే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ వెయ్యకూడదు. నగరం పేరు శీర్షికలో పెట్టకూడదు.

వైవాలో ఎగ్జామినర్ అడిగేది ఎక్కువగా ఎంపిక గురించే. భాగాల జాబితా, ఆ రోజు వచ్చిన యాదృచ్ఛిక సంఖ్యలు, పేర్లు చెరిపేసి కోడ్‌లతో ఉంచిన సందర్శన పట్టిక, ఈ మూడూ ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి.